మిషన్ తిరిగినంతసేపూ పని జరిగినట్టేనా?

మందుల షాపులో 'ఒక షీటు ఇవ్వండి' అని అడిగి తెచ్చుకుంటామే, ఆ పది మాత్రల షీటు తయారయ్యేది బ్లిస్టర్ ప్యాకింగ్ మిషన్ మీద. ఒక చివర చుట్టలోంచి పీవీసీ ఫిల్మ్ వస్తుంది. వేడి పలకల మధ్య మెత్తబడి, అచ్చులో గుంటలు తేలుతుంది. పైనున్న తొట్టిలోంచి మాత్రలు జారి ఆ గుంటల్లో కూర్చుంటాయి. ఏ గుంటైనా ఖాళీగా ఉందా, ఏ మాత్రైనా విరిగిందా అని కెమెరా చూస్తుంది. ఆ తర్వాత అల్యూమినియం రేకు మీదికి వచ్చి, వేడికి, ఒత్తిడికి అతుక్కుంటుంది. బ్యాచ్ నంబరు పడుతుంది, కత్తి దిగుతుంది. పాశమైలారంలోనో, జడ్చర్ల పక్కన పోలేపల్లిలోనో మాత్రలు చేసే ప్లాంట్లలో పనిచేసేవారికి ఇది రోజూ చూసే దృశ్యమే.

అలాంటి లైను గురించి నెలాఖరు రిపోర్టులో ఒక ముక్క ఉంటుంది: 'ప్యాకింగ్ లైను ఓఈఈ 64.7 శాతం'. మీటింగులో మేనేజర్ ముఖం మాడుతుంది, సూపర్‌వైజర్ తల దించుకుంటాడు. మిషన్ రోజంతా తిరుగుతూనే కనిపించింది, ఎవరూ ఖాళీగా కూర్చోలేదు. మరి మిగతా 35 శాతం ఎక్కడికి పోయినట్టు?

ఈ లెక్కను ప్రపంచానికి అలవాటు చేసింది జపాన్‌కు చెందిన సెయిచి నకజిమా. మిషన్ల సంరక్షణ మెకానిక్కుల పని మాత్రమే కాదు, దాన్ని నడిపే మనిషి పని కూడా అన్న ఆలోచనతో 1970ల్లో అక్కడి ఫ్యాక్టరీల్లో టీపీఎం అనే పద్ధతి పాకింది. ఆ పద్ధతికి కొలబద్దగా ఆయన ఓఈఈని పెట్టాడు. పూర్తి పేరు ఓవరాల్ ఎక్విప్‌మెంట్ ఎఫెక్టివ్‌నెస్. పేరు బరువే గానీ అది వేసే ప్రశ్న చిన్నది: ఈ మిషన్ నడవాల్సిన సమయమంతా ఆగకుండా, దాని పూర్తి వేగంతో, ఒక్కటీ పాడవకుండా పనిచేసి ఉంటే ఎంత సరుకు రావాలి? నిజంగా ఎంత మంచి సరుకు వచ్చింది?

ఒక షిఫ్టు తీసుకుని చూద్దాం. లెక్క తేలిగ్గా సాగేలా అంకెలు నేనే వేసుకున్నాను గానీ, బ్లిస్టర్ లైను దగ్గర పనిచేసిన ఎవరికైనా ఇవి కొత్తగా అనిపించవు.

ఉదయం ఆరు నుంచి రెండు దాకా ఏ షిఫ్టు, అంటే 480 నిమిషాలు. అందులో అరగంట భోజనానికి మిషన్ ఆపుతారు. అది ముందే అనుకున్నది కాబట్టి మిషన్ ఖాతాలో వేయం. మిగిలిన 450 నిమిషాలు మిషన్ నడవాల్సిన సమయం. ఈ మిషన్ నిమిషానికి 40 కట్లు కొట్టగలదు, కట్టుకు ఐదు షీట్లు. అంటే నిమిషానికి 200. 450 నిమిషాలకు 90,000 షీట్లు. మిషన్ నుంచి మనం ఆశించదగ్గ గరిష్ఠం ఇది.

షిఫ్టు మొదట్లోనే పాత బ్యాచ్ మాత్రలు, రేకులు, అట్టపెట్టెలు ఒక్కటీ మిగలకుండా తీసేసి, లైనంతా తుడిచి, క్వాలిటీ వాళ్లకు చూపించి సంతకం తీసుకోవాలి. దీన్ని లైన్ క్లియరెన్స్ అంటారు. మందుల ప్లాంటులో ఇది తప్పనిసరి. ఒక మందు షీటులో వేరే మందు మాత్ర దూరితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. దానికి 50 నిమిషాలు పట్టింది. పది గంటలప్పుడు రేకు అతికించే పలక వేడిని చూపే సెన్సర్ పోయింది. మెకానిక్ వచ్చి మార్చేసరికి 31 నిమిషాలు. ఆ తర్వాత ముందున్న కార్టన్ మిషన్‌లో అట్టపెట్టె ఇరుక్కుంది. షీట్లు తీసుకునేవాడు లేక మన మిషన్ 9 నిమిషాలు ఆగింది. మొత్తం 90 నిమిషాలు. మిషన్ నిజంగా నడిచింది 360 నిమిషాలు. 360ని 450తో భాగిస్తే 80 శాతం. ఓఈఈలో మొదటి భాగం ఇదే, నడిచిన సమయం లెక్క.

ఇక వేగం. 360 నిమిషాలు నిమిషానికి 200 చొప్పున నడిస్తే 72,000 షీట్లు రావాలి. కౌంటరు చూపించింది 59,400. భాగిస్తే 82.5 శాతం. ఇది రెండో భాగం.

చివరిది రిజెక్టులు. గుంట ఖాళీగా ఉన్నవి, మాత్ర విరిగినవి, బ్యాచ్ నంబరు అలుక్కుపోయినవి, రేకు చుట్ట మార్చినప్పుడు అతుకు పడ్డవి, మిషన్ ఆగి మళ్లీ మొదలైనప్పుడు వేడి సర్దుకునేలోపు సరిగ్గా అతకనివి అన్నీ కలిపి 1,188. మంచివి 58,212. మొత్తంలో 98 శాతం.

మూడింటినీ గుణిస్తే 0.80 × 0.825 × 0.98 = 0.6468. రిపోర్టులోని 64.7 శాతం పుట్టింది ఇలాగే. ఎక్సెల్ షీటులో వేసుకునేవారు బీ1లో నడవాల్సిన నిమిషాలు, బీ2లో ఆగిన నిమిషాలు, బీ3లో నిమిషానికి గరిష్ఠ వేగం, బీ4లో మొత్తం షీట్లు, బీ5లో రిజెక్టులు పెట్టుకుంటే ఇంత చాలు:

```
B7:  =(B1-B2)/B1
B8:  =B4/(B3*(B1-B2))
B9:  =(B4-B5)/B4
B10: =B7*B8*B9
B11: =(B4-B5)/(B1*B3)
```

చివరి వరస మీద కాస్త కన్నేయండి. మంచి షీట్లను గరిష్ఠంతో, అంటే 58,212ని 90,000తో, నేరుగా భాగించినా అదే 64.68 శాతం వస్తుంది. మూడు భాగాలనూ గుణించినప్పుడు మధ్యలోవి కొట్టేసుకుపోతాయి కాబట్టి బీ10, బీ11 ఎప్పుడూ ఒకటే కావాలి. తేడా వచ్చిందంటే ఎక్కడో ఒక ఫార్ములా తప్పు పడింది. రిపోర్టు పంపే ముందు ఈ ఒక్క సరిపోలిక చూసుకుంటే చాలా పరువు దక్కుతుంది.

ఒక్క భాగారంతో పోయేదానికి మూడు ముక్కలెందుకు అంటే, నష్టం ఎక్కడ జరిగిందో చెప్పడానికి. శాతాలుగా కాకుండా షీట్లుగా చూడండి. రావాల్సిన 90,000కి 31,788 తగ్గాయి. అందులో మిషన్ ఆగినందువల్ల పోయినవి 18,000. వేగం తగ్గినందువల్ల పోయినవి 12,600. రిజెక్టుల్లో పోయినవి 1,188. ప్లాంటులో అరుపులన్నీ సాధారణంగా ఆ మూడో దాని మీదే ఉంటాయి, ఎందుకంటే రిజెక్టులు ఎర్ర డబ్బాలో కళ్లెదుటే కనబడతాయి. బ్రేక్‌డౌన్‌కు మెకానిక్ పరుగెత్తుకొస్తాడు, లాగ్‌బుక్‌లో రాస్తారు. మధ్యలోని 12,600 షీట్లను మాత్రం ఎవరూ చూడలేదు, ఎవరూ రాయలేదు. రిజెక్టులకు పదింతలకు పైన పోయినా, వాటి గురించి షిఫ్టులో ఒక్కరూ మాట్లాడలేదు.

అవి ఎలా పోయాయో తెలియాలంటే ఆఫీసు వదిలి మిషన్ పక్కన గంటసేపు నిలబడాలి. మొదట కనబడేది డిస్‌ప్లే మీది అంకె. 40 ఉండాల్సిన చోట 36 ఉంది. ఎందుకని ఆపరేటర్‌ని అడిగితే 'ముందు నుంచీ అంతే సార్' అంటాడు. వెనక్కి తవ్వితే, ఎప్పుడో ఒక బ్యాచ్‌లో షీట్లు లీక్ టెస్టులో తప్పి ఉంటాయి. షీట్లను మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు నీళ్లలో ముంచి, గాలి లాగేసి, మళ్లీ వదిలి చూసే పరీక్ష అది. అతుకు సరిగా లేకపోతే గుంటలోకి నీలిరంగు దిగుతుంది. వేగం పెరిగితే వేడి పలక రేకును నొక్కి ఉంచే క్షణం తగ్గుతుంది, అతుకు బలహీనపడుతుంది. ఆ రోజు ఎవరో వేగం తగ్గించారు, టెస్టు పాసైంది. ఆ తర్వాత మళ్లీ పెంచిన నాథుడు లేడు. 36 కట్లంటే నిమిషానికి 180 షీట్లు. 360 నిమిషాల్లో 64,800. ఇక్కడే 7,200 షీట్లు పోయాయి.

కౌంటరు చూపింది 59,400 కాబట్టి ఇంకా 5,400 తేలాలి. నిమిషానికి 180 చొప్పున అది 30 నిమిషాల పని. అంతసేపు మిషన్ ఆగినట్టు లాగ్‌బుక్‌లో లేదు. కానీ పక్కనే నిలబడ్డారు కదా, చూడండి. తొట్టిలోంచి మాత్రలు జారే సన్నటి గాడిలో ఒక విరిగిన ముక్క అడ్డంగా కూర్చుంటుంది. ఆ వరస గుంటలు వరుసగా ఖాళీగా వెళ్తాయి. కెమెరా రెండు మూడు కట్లు చూసి మిషన్‌ని ఆపేస్తుంది. ఆపరేటర్ అద్దాల తలుపు తెరిచి, బ్రష్‌తో ఆ ముక్కను తోసి, తలుపు మూసి, రీసెట్ నొక్కుతాడు. అంతా కలిపి అర నిమిషం. ఐదారు నిమిషాలు తిరిగాక మళ్లీ అదే వరస. షిఫ్టులో ఇలాంటివి అరవై అయితే అర గంట పోయినట్టే. ఐదు నిమిషాలకు తక్కువ ఆగితే రాయక్కర్లేదన్నది చాలా ప్లాంట్లలో ఉండే అలవాటు. కాబట్టి ఇది కాగితం మీదికి రాదు. ఓఈఈ లెక్కలో మాత్రం తప్పించుకోలేదు, వేగం భాగంలోకి వచ్చి పడింది.

ఈ రెండు నష్టాలకూ మందు ప్యాకింగ్ దగ్గర ఉండకపోవచ్చు. మాత్రలు విరుగుతున్నాయంటే మాత్రలు అచ్చు వేసే విభాగంలో గట్టిదనం చాలట్లేదేమో, డ్రమ్ముల్లోంచి తొట్టిలోకి ఎత్తి కుమ్మరిస్తున్నారేమో చూడాలి. వేగం 40కి తేవాలంటే అతికించే వేడి పెంచాలి అనిపిస్తుంది. మందుల ప్లాంటులో అది ఆపరేటర్ మీట తిప్పేసే వ్యవహారం కాదు. ఏ వేడి నుంచి ఏ వేడి దాకా షీటు సరిగా అతుకుతుందో ముందే పరీక్షించి, రాసి, సంతకాలు చేసి ఉంచుతారు. ఆ హద్దుల్లోనే ఉండాలి. దాటాలంటే మళ్లీ పరీక్షలు చేసి నిరూపించాలి. ఓఈఈ చేసేది ఎక్కడ తవ్వాలో చూపించడం వరకే. గునపం పట్టుకోవాల్సింది మనుషులే.

ఇక అసలు సంగతి. ఈ శాతాన్ని పెంచడానికి మిషన్‌ని ముట్టుకోనక్కర్లేదు, రిపోర్టు రాసేవాడి చేతిలోనే తాళం ఉంది. అదే షిఫ్టును మళ్లీ తీసుకోండి. 'లైన్ క్లియరెన్స్ తప్పనిసరి కదా, దాన్నీ భోజనంలాగే ముందే తీసేద్దాం' అన్నారనుకోండి. నడవాల్సిన సమయం 450 నుంచి 400 నిమిషాలకు దిగుతుంది. 58,212ని 80,000తో భాగిస్తే ఓఈఈ 72.8 శాతం. తర్వాత ఇంకొకరు 'ఈ మిషన్ ఎప్పుడూ 36 మీదే నడుస్తుంది, గరిష్ఠం అదే అనుకుందాం' అన్నారు. అప్పుడు గరిష్ఠం 72,000 షీట్లు. ఓఈఈ 80.9 శాతం. గోదాములోకి వెళ్లింది అవే 58,212 షీట్లు. ఒక్క షీటు పెరగకుండా 16 శాతం పాయింట్లు పెరిగాయి. మేనేజర్ భుజం తడతాడు, బయ్యర్ ఆడిట్‌కు వచ్చినప్పుడు గోడ మీద పచ్చ గ్రాఫ్ ఉంటుంది.

ఇది దొంగలెక్క అనడానికి కూడా లేదు. క్లియరెన్స్‌ను ఎందులో వేయాలన్న విషయంలో ప్లాంటుకో పద్ధతి ఉంది. నా మట్టుకు, అది నడవాల్సిన సమయంలోనే ఉండాలి. తప్పనిసరి అయినంత మాత్రాన 50 నిమిషాలూ తప్పనిసరి కాదు. తుడిచే పనిని ఇద్దరు పంచుకుంటే, క్వాలిటీ మనిషిని ముందే పిలిచి ఉంచితే, మార్చాల్సిన విడిభాగాలు ట్రాలీ మీద సిద్ధంగా ఉంటే అది 35కి దిగొచ్చు. లెక్కలోంచి తీసేసిన మరుక్షణం ఆ ప్రయత్నం ఎవరూ చేయరు. గరిష్ఠ వేగం సంగతీ అంతే. మిషన్ తయారీదారు ఇచ్చిన వేగం, లేదా ఆ మందుకు ఆ సైజు షీటులో పరీక్షించి నిలిచిన వేగం, రెంటిలో ఏది తీసుకున్నా ఒకసారి రాసి పెట్టి దాన్ని కదపకూడదు. అలవాటైన వేగాన్ని గరిష్ఠంగా రాసుకుంటే, నిమిషానికి 20 షీట్ల నష్టం లెక్కలో శాశ్వతంగా మాయమవుతుంది.

దీన్ని బయటివాళ్లు పసిగట్టే దారి ఒకటుంది. ఏదో ఒక రోజు వేగం భాగం 100 శాతం దాటి, 104 అనో 107 అనో కనిపిస్తుంది. మిషన్ తన శక్తికి మించి నడవలేదు కదా. గరిష్ఠ వేగం తగ్గించి రాశారన్నమాట, లేదా మిషన్ ఆగని సమయాన్ని కూడా ఆగినట్టు రాశారన్నమాట. ఆ 107ని 100 అని సర్దేసే రిపోర్టులు కూడా ఉంటాయి. సర్దకూడదు. ఏ అంకె అబద్ధమో చెప్పే ఆధారం అదొక్కటే.

కౌంటరు ఎక్కడుందన్నది కూడా చూడాలి. కత్తి దగ్గరుంటే మొత్తం షీట్లు లెక్కిస్తుంది. కెమెరా పక్కకు నెట్టేసిన వాటి తర్వాత ఉంటే మంచివే లెక్కిస్తుంది. రెండో సందర్భంలో ఆ అంకెనే మొత్తంగా రాసుకుంటే నాణ్యత 100 శాతం అని వస్తుంది, రిజెక్టులన్నీ వేగం నష్టంలోకి జారుకుంటాయి. చివరి ఓఈఈ మారదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, కానీ లేని వేగం సమస్య కోసం వెతుకులాట మొదలవుతుంది. తిరిగి చేసి బాగుచేసిన సరుకును 'మంచి'లో వేయకపోవడం కూడా ఇందులో భాగమే. మొదటిసారికే బాగున్నదే మంచిది.

రిపోర్టుల్లో తరచూ కనిపించే మరో తప్పు సగటు. ఏ షిఫ్టులో 64.7 శాతం వచ్చింది. రాత్రి షిఫ్టులో ఆర్డరు తక్కువై 120 నిమిషాలకే ప్లాన్ చేశారు, ఆ రెండు గంటలూ మిషన్ బాగా నడిచి 90 శాతం వచ్చింది. రెండూ కలిపి సగం చేస్తే 77 శాతానికి పైనే. కానీ రాత్రి వచ్చిన మంచి షీట్లు 21,600 మాత్రమే, రావాల్సినవి 24,000. రెండు షిఫ్టుల మంచివి కలిపితే 79,812. రావాల్సినవి కలిపితే 1,14,000. భాగిస్తే 70 శాతం. శాతాలకు సగటు కట్టకూడదు. సరుకును కూడాలి, గరిష్ఠాన్ని కూడాలి, ఆ తర్వాతే భాగించాలి. నెలకైనా, నాలుగు లైన్లకైనా ఇదే పద్ధతి.

ఇక అందరి నోటా వినిపించే 85 శాతం. 'ప్రపంచ స్థాయి' అంటే 85 అని పోస్టర్లు అంటించుకున్న ప్లాంట్లు ఉన్నాయి. ఇదీ నకజిమా దగ్గర నుంచి వచ్చిందే. నడిచిన సమయం 90, వేగం 95, నాణ్యత 99 శాతానికి తగ్గకూడదన్నాడు. మూడూ గుణిస్తే 84.6, దాన్నే 85 అంటున్నారు. ఒకే రకం విడిభాగాన్ని రోజుల తరబడి చేసే లైనుకు ఆ గీత అందవచ్చు. షిఫ్టుకో బ్యాచ్ మారి, మారిన ప్రతిసారీ లైనంతా తుడవాల్సిన మందుల ప్యాకింగ్‌కు అదే గీత పెడితే ఒకటే జరుగుతుంది: రిపోర్టులో 85 వస్తుంది. ఎలా వస్తుందో పైన చూశాం కదా. ఒక లైనును నిరుడు అదే లైను ఉన్న స్థితితో పోల్చడం న్యాయం. పక్క ప్లాంటులో ఇంకో మిషన్‌తో పోల్చడంలో అర్థం లేదు, ఎందుకంటే వాళ్లు దేన్ని ముందే తీసేశారో, ఏ వేగాన్ని గరిష్ఠం అన్నారో మనకు తెలియదు.

ఆపరేటర్ జీతానికి, బోనస్‌కు ఈ శాతాన్ని ముడిపెట్టడం మాత్రం పూర్తిగా తప్పు. అర నిమిషం ఆగిన సంగతి, వేగం తగ్గించిన సంగతి మొదట తెలిసేది అతనికే. అతని డబ్బులు తెగుతాయని తెలిస్తే ఆ సమాచారం ఆగిపోతుంది. ఇంకోటి, కార్టన్ మిషన్ నిమిషానికి 150 షీట్లే మింగగలిగితే బ్లిస్టర్ మిషన్ వేగం పెంచి లాభం లేదు. షీట్లు ట్రేలలో పేరుకుంటాయి, అంతే. లైనులో అన్నిటికన్నా నెమ్మదిగా నడిచే మిషన్ ఏదో కనుక్కుని, ముందు దాని ఓఈఈ మీద కూర్చోవాలి.

రిపోర్టు మీరు రాసేవారైతే ఒక పని చేయండి. శాతం కింద చిన్న అక్షరాల్లో ఒక్క వరస చేర్చండి: నడవాల్సిన సమయం ఎన్ని నిమిషాలు, అందులోంచి ఏమేం తీసేశారు, గరిష్ఠ వేగం ఎంత, ఆ అంకె ఎక్కడిది, మంచి సరుకు ఎన్ని షీట్లు. రిపోర్టు చదివేవారైతే శాతం గురించి మాట్లాడే ముందు ఆ వరస అడగండి. అది లేకుండా వచ్చిన ఓఈఈని వెనక్కి పంపేయండి.